రెండే సవరణలు

సబ్బుల కంపెనీ మేనేజరును అందరూ అక్కయ్య అనేవారు. యజమానులైన ముగ్గురు అన్నదమ్ములు తలోమాట చెప్పడంతో పాత డిజైనరు విసిగి మానేశాడు. కొత్త రేపర్లతో సబ్బులు పెట్టాల్సిన వాణిజ్య ప్రదర్శనకు మూడు వారాలే మిగిలాయి.

కొత్త డిజైనరుకు ఆమె ఈమెయిల్ రాసింది: నాలుగు రేపర్ల డిజైన్లు, ప్రింటుకు సిద్ధమైన ఫైళ్లు, పన్నెండు వేల ఫీజు, ఐదో రోజుకు నమూనాలు, పన్నెండో రోజుకు తుది ఫైళ్లు. సవరణలు రెండే, అవీ తన ఈమెయిల్‌లో వస్తేనే చెల్లుతాయి.

నమూనాలు రాగానే, ఆ షరతు విన్న అన్నదమ్ముల్లో చిన్నవాడు అడిగాడు: "అంటే మేం నోరు మూసుకోవాలా అక్కయ్యా?"

"కాదు బాబూ, ముందు మీలో మీరు కొట్టుకుని ఒక్క మాట మీదికి రండి. అదే పంపిస్తా."

గంటసేపు కేకలు వినిపించాయి. చివరికి ముగ్గురూ కావలసిన మార్పులు రాసిన ఒకే కాగితంపై సంతకాలు చేశారు. పదేళ్లలో అలా జరగడం అదే మొదలు. రెండో సవరణ అవసరమే రాలేదు. పదకొండో రోజునే ఫైళ్లు ప్రెస్సుకు చేరాయి. ప్రదర్శన తెరిచేసరికి కొత్త రేపర్లలో సబ్బులు బారులు తీరాయి.