మూత పడిన కొండ

అండమాన్ సముద్రంలోని అగ్నిపర్వత దీవికి బయలుదేరే ముందు వారం నేను మన్యంలో ముంచింగిపుట్టుకి ఎగువన ఒక కాఫీ రైతు ఇంట్లో భోంచేశాను. ఆ ఇంటి కొడుకు నా దగ్గర పనిచేసే భూగర్భ శాస్త్రవేత్త. తండ్రి చనిపోయాక తోట తల్లే చూసుకుంటోంది. తల్లికి కొడుకు వెళ్లే చోటు గురించి బెంగ పట్టుకుంది. నిప్పు కక్కే కొండ దగ్గరికి ఎవరైనా కావాలని పోతారా అని వారం నుంచీ అడుగుతోందట.

అతను పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక పొయ్యి మీద గంజి, రెండో దాని మీద చోడి అంబలి, అంటే రాగి అంబలి, ఉడుకుతున్నాయి. గంజిలో బుడగలు పైకి తేలి చప్పుడు లేకుండా పగిలిపోతున్నాయి. చిక్కటి అంబలిలో మాత్రం బుడగ పైకి రాలేక ఉబ్బి ఉబ్బి టప్పున పేలింది. ఒక చుక్క అతని మణికట్టు మీద పడింది. తల్లి నవ్వి, "పొయ్యికాడే కాల్సుకున్నావు, కొండకాడ ఏటి సేత్తావురా?" అంది.

కొండ కింద కరిగిన రాతిలోనూ ఇంతేనని చెప్పాడు. లోతున ఉన్నంతసేపూ పై బరువుకి ఆవిరీ వాయువులూ రాతి ద్రవంలోనే కరిగి ఉంటాయి. పైకి వస్తున్నకొద్దీ బరువు తగ్గి బుడగలవుతాయి. సిలికా తక్కువగా ఉండి బాగా వేడిగా ఉన్న ద్రవం పల్చగా ఉంటుంది. వాయువు తప్పించుకుపోతుంది, లావా పారుతుంది. సిలికా ఎక్కువైతే ద్రవం జిగురుగా మారి బుడగల్ని వదలదు. చివరికి అవే దాన్ని చీల్చి బూడిద చేసి ఆకాశంలోకి విసురుతాయి.

"మరి నువ్వెల్లేది ఏ కొండ?"

"గంజి రకమేనమ్మా. మహా అయితే నాలుగు నిప్పురవ్వలు ఎగరేత్తాది."

ఆమె నా వైపు తిరిగి నిజమేనా అని అడిగింది. నిజమేనన్నాను. అక్కడి రాయి చాలావరకు సిలికా తక్కువుండే బసాల్టే.

దీవి దగ్గర మా పద్ధతి ఒకటే. ముందు పడవలోంచి చూడాలి. కొండ నోరైన బిలం ఎప్పుడెప్పుడు ఉఫ్ మంటోందో, పొగ ఎంత లేస్తోందో రాసుకోవాలి. పడవ సరంగు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడ్డవాడు. ప్రతి పేలుడుకీ, "మా మావ గురక కూడా ఇంతే బాబూ," అని మమ్మల్ని నవ్వించేవాడు. ఆ గురక ఉన్నంతవరకు వాయువు బయటికి పోతున్నట్టే. అయినా రాళ్లు పడతాయి కాబట్టి దిగేవాళ్లం కాదు.

తర్వాత ఒక ఉదయం గురక ఆగింది. పొగ సన్నని దారంలా మిగిలింది. ఇంతకుముందు వచ్చినప్పుడల్లా అలా ఆగడమంటే కొండ అలసిపోవడమే. మా ఇద్దరికీ పైనున్న బృందం పెద్ద కూడా అలాగే లెక్కవేసి దిగమన్నాడు. కొత్త లావా ముక్కలు తేవాలని ఆ తల్లి కొడుకు ఎన్నాళ్లుగానో ఆశపడుతున్నాడు. హెల్మెట్ పెట్టుకుని, "వచ్చేసరికి టీ పెట్టించండి సార్," అని దిగాడు. తోడు వెళ్లినతను ఒడ్డు దగ్గర పరికరాలతో ఆగిపోయాడు. ఇతను పాత లావా మీదుగా బిలం ఉన్న శంకువు అడుగుదాకా వెళ్లాడు.

కొండ అలసిపోలేదు. బిలం గొంతులో పైపైన ఉన్న లావా చల్లబడి గట్టి పెచ్చులా బిగుసుకుంది. దాని కింద వాయువు పేరుకుంది. వాయువు అయిపోయినా, దారి మూసుకున్నా బయటికి కనిపించేది ఒకటే, పొగ తగ్గడం. ఆ పెచ్చు ఒక్కసారిగా పగిలింది. శబ్దం కంటే ముందు రాళ్లు లేవడం చూశాను. లావా వరదలా రాలేదు, బూడిద నల్లటి స్తంభంలా లేచింది. పడవ చుట్టూ నీళ్లలో గులకరాళ్లు రాలాయి. అతని మీద పడినవి గులకరాళ్లు కావు. పడవలోకి తెచ్చేసరికి ఊపిరి ఉంది. పోర్ట్ బ్లెయిర్ చేరేసరికి లేదు.

పెద్దకర్మ అయ్యాక మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. ఆమె అదే పొయ్యి దగ్గర ఉంది. ఏడవలేదు.

"గంజి రకమని ఆడన్నాడు కదా బాబూ. నువ్వూ అన్నావు."

అది గంజి రకమేనని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. గంజి మనిషిని చంపదంది. పొయ్యి మీద గంజి కుండ మీద మూత ఎగిరెగిరి పడుతోంది, అంచుల నుంచి నురుగు కారుతోంది. నేను దానివైపు చూపించి, కొండకి మూత పడిందని, పల్చటిదైనా మూత బిగిస్తే లోపలి ఆవిరి ఊరుకోదని చెప్పాను. అంతకంటే తేలికైన మాట నాకు దొరకలేదు.

"మూత ఎవరేసినారు?" అంది.

"ఎవరూ వెయ్యలేదమ్మా. దాని రాయే చల్లారి మూతయింది."

"మీకు కనబడలేదా?"

"పడవలోంచి కనబడదు. ఆగిపోయిందనుకున్నాం."

ఆమె చేతిగుడ్డ తీసుకుని కుండ మీది మూత తీసేసింది. ఆవిరంతా ఆమె ముఖం మీదుగా పోయింది. మూత మళ్లీ పెట్టలేదు. గంజి తెర్లుతున్నంతసేపూ దాన్నే చూస్తూ కూర్చుంది.