వెరోనా టీచర్ చదివిన ఎనిమిది పేర్లు

మూడేళ్ళ తర్వాత వెరోనా క్వాషీని మళ్ళీ మైకు దగ్గరికి పిలవడానికి కమిటీ కార్యదర్శి ఆల్రిక్ ఆమె ఇంటికి వచ్చాడు. ఆమె వరండాలో కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. మనిషిని చూసి గిన్నె పక్కన పెట్టింది కానీ కుర్చీ చూపించలేదు.

"ఎందుకొచ్చావో తెలుసు. చదవను."

"ఇంకా అడగనేలేదు, టీచర్."

"అడగక్కర్లేదు. నువ్వు నా క్లాసులో ఉన్నప్పుడూ అంతే, హోమ్‌వర్క్ చెయ్యని రోజు ఇలాగే చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేవాడివి."

ఆల్రిక్ చేతులు ముందుకు తెచ్చుకున్నాడు. ట్రినిడాడ్ దక్షిణ తీరంలో, ఆ ఊరి సవానా మైదానంలో, ఏటా చిన్న స్టీల్ బ్యాండ్ల పోటీ జరుగుతుంది; ఇనుప పీపాలతో చేసిన 'పాన్' అనే డ్రమ్ములే వాళ్ళ వాద్యాలు. ఎనిమిది బ్యాండ్లు, ఆదివారం మధ్యాహ్నం. ఇరవై ఆరేళ్ళు అక్కడ ఫలితాలు చదివింది వెరోనాయే.

"నా మాట కాదు టీచర్. ఎగ్బర్ట్ అడిగాడు. మీరు చదవకపోతే తన సిల్వర్ కోవ్ బ్యాండును పోటీలో దించనంటున్నాడు."

ఆ పేరు వినేసరికి ఆమె చేతిలోని కందికాయ చేతిలోనే ఉండిపోయింది.

వెరోనా పద్ధతులు ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. పంతొమ్మిదేళ్ళ వయసులో ఆమె కూడా పాన్ వాయించింది. ఆ ఏడాది మైకు పట్టుకున్న పెద్దమనిషి మొదటి మూడు పేర్లు చదివి, నవ్వి, దిగిపోయాడు. ఆమె బ్యాండు వాళ్ళు పాన్ల దగ్గరే నిలబడి ఉన్నారు, తమ పేరు ఎప్పుడొస్తుందా అని. కుర్చీలు ఎత్తేవాళ్ళు వచ్చి, "ఇంకా ఎవరికోసం?" అని అడిగారు. ఆ ప్రశ్న ఆమె మనసులో అలాగే ఉండిపోయింది.

అందుకే తనకు మైకు వచ్చాక కింది నుంచి పైకి, వాయించిన ప్రతి బ్యాండు పేరూ చదివింది. ముందు స్థానం, తర్వాత మార్కులు, తర్వాత పాట, అన్నిటికన్నా చివర బ్యాండు పేరు. పేరు ముందు చెప్పేస్తే ఆ కేకల్లో మిగతాది ఎవరికీ వినబడదు. పాట ముందు చెబితే ఇంకో లాభం ఉంది. ఎవరి పాట వాళ్ళకి తెలుసు గనక, మైదానానికి తెలియడానికి ఒక్క క్షణం ముందు ఆ బ్యాండుకు తెలుస్తుంది. ఆ ఒక్క క్షణం వాళ్ళది. ముఖం సర్దుకోవడానికి అది చాలు.

పాటకీ పేరుకీ మధ్య మూడు ఊపిరులు ఆగేది. ఎనిమిదో స్థానానికీ మూడే, రెండో స్థానానికీ మూడే. "రెండో స్థానం దగ్గర కాస్త సాగదీయండి టీచర్, అక్కడేగా అసలు బిగువు! అది చెప్పాక మొదటిది ఎవరో కళ్ళు లేనివాడికీ తెలుస్తుంది," అని రేడియోవాళ్ళు ఎంత బతిమాలినా వినలేదు. "కిందివాళ్ళకి మూడు ఊపిరులు, పైవాళ్ళకి ఆరా? పాన్ అందరిదీ ఇనుమే," అనేది.

పేరు చదివాక చప్పట్లు తగ్గేదాకా ఆగి, ఆ బ్యాండు గురించి ఒకే ఒక్క వాక్యం చెప్పేది. 'బాగా ప్రయత్నించారు', 'అందరూ విజేతలే' లాంటివి ఆమె నోట ఎప్పుడూ రాలేదు. వాయిస్తున్నంతసేపూ ముందు వరసలో కూర్చుని, పాత స్కూలు నోటుబుక్కులో ప్రతి బ్యాండుకూ తాను నిజంగా విన్నదొకటి రాసుకునేది. అదే చెప్పేది.

అలాంటి మనిషి మూడేళ్ళ కిందట తప్పు చేసింది. తీర్పు కాగితం మీద ఇద్దరికి సమానంగా మార్కులొచ్చి, రెండు బ్యాండ్ల పక్కనా 'రెండు' అనే ఉంది. మూడో స్థానమే లేదు. ఆమె నాలుక మాత్రం కింది నుంచి మెట్లెక్కుతూ వస్తోంది. ఎనిమిది, ఏడు, ఆరు, ఐదు, నాలుగు అన్నాక అలవాటుగా 'మూడు' అనేసింది. అలా మూడు అనిపించుకున్నది సిల్వర్ కోవ్. మార్కులు సరిగ్గానే చదివింది, కానీ మార్కులు గుర్తుపెట్టుకునేదెవరు? వాళ్ళు మూడో బహుమతి పుచ్చుకుని, పాన్లు లారీకెక్కించి వెళ్ళిపోయారు. మంగళవారం పేపర్లో రెండు వరసల సవరణ వచ్చింది. బహుమతి మార్చి ఇచ్చారు. మైదానంలో మాత్రం ఆ మాట ఎవరూ చెప్పలేదు. వెరోనా ఆ వారమే కమిటీకి ఉత్తరం రాసి తప్పుకుంది.

ఆ బ్యాండులో బేస్ వాయించేది ఎగ్బర్ట్ భార్య ఫిలొమీనా. నడుమెత్తు డ్రమ్ములు ఆరు చుట్టూ పెట్టుకుని, మధ్యలో తిరుగుతూ వాయించేది. ఈ ఏడాది ఈస్టరుకు ముందు పోయింది. తన చెవులతో 'రెండు' అన్న మాట ఆ మైదానంలో వినకుండానే పోయింది.

"నన్ను నలుగురిలో నిలబెట్టి అడుగుదామనేమో," అంది వెరోనా.

"అడగాలనుకుంటే మీ గేటు దగ్గరికి వచ్చి అరవడూ? ఎగ్బర్ట్ గొంతు మీకు తెలియనిదా?"

ఆమె నవ్వలేదు. కానీ ఆదివారం మధ్యాహ్నం తెల్ల టోపీ పెట్టుకుని, నోటుబుక్కు సంచిలో వేసుకుని బయల్దేరింది.

మైదానంలో సిల్వర్ కోవ్ వాళ్ళు పాన్లు దించుకుంటున్నారు. ఆమె నేరుగా ఎగ్బర్ట్ దగ్గరికి వెళ్ళి నిలబడింది. అతను స్టాండు బిగిస్తూ తలెత్తాడు.

"వచ్చారా టీచర్? ముసలిదానివైపోయావే అందామనుకున్నా, టోపీ చూసి మానుకున్నా."

"నీ నెత్తి మీద వెంట్రుకేదీ నన్ననడానికి?" అని, వెంటనే గొంతు తగ్గించింది. "ఎగ్బర్ట్, నన్నెందుకు రమ్మన్నావు?"

అతను స్పానరు జేబులో పెట్టుకున్నాడు.

"పదకొండేళ్ళ కిందట మేం ఏడో స్థానంలో ఉన్నాం, గుర్తుందా? మీరు ఫిలొమీనా గురించి ఒక మాటన్నారు. 'ఈ బ్యాండు బేస్ వింటుంటే పునాది కనబడే ఇల్లులా ఉంది' అని. ఆ మాటే వంటింట్లో చెప్పేది, సంతలో చెప్పేది, నాతో దెబ్బలాడినప్పుడు మరీ చెప్పేది, 'పునాదితోనా నీ గొడవ' అని." అతను ముక్కు తుడుచుకున్నాడు. "ఇవాళ బేస్ లేకుండా వాయిస్తాం. ఇంకొకర్ని పెట్టుకోవడానికి మనసు రాలేదు. మార్కులు రావు, తెలుసు. ఏ స్థానంలో ఉన్నా సరే, మా పేరు చదివి, మా గురించి నిజమైన ముక్క ఒకటి చెప్పాలి. అందుకు మీరే కావాలి."

మూడేళ్ళ కిందటి సంగతి అతను ఎత్తనే లేదు. వెరోనాకి అదే ఎక్కువ తగిలింది.

ఎనిమిది బ్యాండ్లూ వాయించాయి. ఆమె ముందు వరసలో కూర్చుని రాసుకుంది. సిల్వర్ కోవ్ వాళ్ళు ఆరు బేస్ డ్రమ్ములనూ తెచ్చి వాటి చోట్లో నిలబెట్టారు, మధ్యలో ఎవరూ లేరు. పాట నడుమ ఒకచోట అందరూ చేతులెత్తి నాలుగు దెబ్బల కాలం ఆగిపోయారు. అక్కడ ఫిలొమీనా ఒక్కతే వాయించేది. జడ్జిల్లో ఒకాయన తల వంచి ఏదో రాసుకున్నాడు.

లెక్కలవాడు సూకూ సీలు వేసిన కవరు తెచ్చాడు. ఆమె వేదిక వెనక నిలబడి, వేలు పెట్టి, ప్రతి వరసా పైకి చదివింది. "స్థానం ఎనిమిది, సిల్వర్ కోవ్. సమానం వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా, సూకూ?"

"లేరు, మిస్ వెరోనా."

"నీ నోటితో కాదు, వేలితో చూపించు."

సూకూ నవ్వాడు, కానీ ఎనిమిది అంకెలనూ వేలితో చూపించాడు.

అప్పుడే ఆల్రిక్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "టీచర్, రేడియోకి పన్నెండు నిమిషాలే ఉంది. మూడు పేర్లు చదివితే..."

"ఎనిమిది పేర్లకి పదకొండు నిమిషాలు. మిగతా ఒక్క నిమిషం నాకు కావాలి."

ఆ నిమిషం ఎక్కడ వాడాలో ఆమె వరండాలో కూర్చున్నప్పటి నుంచీ ఆలోచిస్తూనే ఉంది. సిల్వర్ కోవ్ పేరు చదివినప్పుడు చెబితే ఎనిమిదో స్థానానికి ఓదార్పు బహుమతిలా ఉంటుంది. చివర చెబితే గెలిచినవాళ్ళ సంతోషంలో చెయ్యి పెట్టినట్టుంటుంది. ఫలితాలు మొదలవకముందే చెప్పాలి.

మైకు ముందుకు వెళ్ళింది. టోపీ తీసింది.

"అందరికీ నమస్కారం. ఇవాళ్టి ఫలితాలకి ముందు పాత ఫలితం ఒకటి. మూడేళ్ళ కిందట ఇదే చోట నిలబడి సిల్వర్ కోవ్‌ను మూడు అన్నాను. అది నా తప్పు. జడ్జిలు రాసింది రెండు. బేస్ మీద ఫిలొమీనా లలోండ్. సిల్వర్ కోవ్, రెండో స్థానం."

వెనక నుంచి ఒక ముసలావిడ, "ఫిలొమీనా, విన్నావా?" అని కేకేసింది. అంతే, మైదానమంతా లేచింది. ఎగ్బర్ట్ లేవలేదు. ఖాళీ డ్రమ్ముల మధ్య కిందకి చూస్తూ కూర్చున్నాడు.

వెరోనా చప్పట్లు తగ్గేదాకా ఆగి, టోపీ పెట్టుకుంది. ఇక ఈ రోజు ఈ రోజుదే.

"ఎనిమిదో స్థానం. మూడు వందలకి రెండు వందల ముప్పై నాలుగు. పాట, 'ఉప్పుగాలి'."

మూడు ఊపిరులు. ఎగ్బర్ట్ అప్పుడు లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. అతని వెనక బ్యాండంతా లేచింది.

"సిల్వర్ కోవ్."

చప్పట్లు తగ్గాక నోటుబుక్కులోది చదివింది. "పాట మధ్యలో నాలుగు దెబ్బల కాలం వీళ్ళు వాయించలేదు. ఆ నాలుగు దెబ్బలూ మనమందరం విన్నాం."

జడ్జిల మీద ఒక్క మాట లేదు. మార్కులు మార్కులే. ఎగ్బర్ట్ ఆమె వైపు చూసి చెయ్యెత్తాడు.

ఏడో స్థానం వాళ్ళ గురించి, వర్షంలోనూ సాధన చేసిన చేతులని వింటుంటేనే తెలిసిందంది. ఆరో స్థానం వాళ్ళ చిన్న పిల్ల టెనర్ పాన్ మీద ఒక్క దెబ్బ తప్పి, తనే నవ్వుకుని, దాన్ని పాటలో కలిపేసిందంది. ఆ పిల్ల వాళ్ళమ్మ కుర్చీ ఎక్కి అరిచింది. నాలుగో స్థానం దగ్గర ఒకతను, "మాకింకో మార్కు ఉండాల్సింది!" అన్నాడు. "ఉంటే నేనూ చదివేదాన్ని, బాబూ," అంది వెరోనా. అతనితో సహా అందరూ నవ్వారు. రెండో స్థానానికి పాట చెప్పి ఆగినప్పుడు ఆల్రిక్ గడియారం చూసుకుంటూ పెదాలతో లెక్కపెట్టాడు. మూడు ఊపిరులు, అంతే. పేరు చెప్పగానే మిగిలినవాళ్ళు తమదే మొదటిదని తెలుసుకుని గెంతడం మొదలెట్టారు. అయినా వాళ్ళ మార్కులూ పాటా పేరూ పూర్తిగా చదివింది. పన్నెండో నిమిషం ఇంకా పూర్తి కాలేదు.

సాధారణంగా ఎనిమిదో స్థానం వాళ్ళు పేరు వినగానే లారీ ఎక్కుతారు. గెలిచినవాళ్ళు మళ్ళీ వాయించేదాకా ఉండరు. సిల్వర్ కోవ్ వాళ్ళు ఉన్నారు. వేదిక దిగి వస్తున్న వెరోనాకి ఎగ్బర్ట్ ఎదురొచ్చి, మూతపెట్టిన డబ్బా చేతిలో పెట్టాడు. ఇంకా వేడిగా ఉంది, కోడి పెలావు.

"మా చెల్లెలు వండింది. బాగుండకపోతే దాన్ననండి, నన్ను కాదు."

"ఎగ్బర్ట్, మూడేళ్ళు ఆలస్యమైంది."

"అయింది," అన్నాడతను. "నేనడగలేదు కదా. మీరు చెప్పారు. థాంక్స్ టీచర్." డబ్బా మూత ఒకసారి నొక్కి చూశాడు. తర్వాత, "వచ్చే ఏడు బేస్‌కి మా చెల్లెలి కూతురు వస్తానంటోంది. చెయ్యి ఇంకా బరువు. మీరు వినాలి," అన్నాడు.

"పేరేంటి?"

"జోస్లిన్."

ఆమె సంచిలోంచి నోటుబుక్కు తీసింది. డబ్బాను మోచేతి కింద పెట్టుకుని, కొత్త పేజీలో ఆ పేరు రాసుకుంది. గెలిచిన బ్యాండు మళ్ళీ మొదలుపెట్టింది. ఇద్దరూ అక్కడే నిలబడి విన్నారు.