బిల్లు ఎందుకు ఆగింది

ఈఆర్పీ సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వచ్చినవాళ్ళు సామాన్లు సర్దుకొని వెళ్ళిపోయిన మర్నాడు ఆమె మీటింగ్ రూమ్ తలుపు తీసి చూసింది. తెల్లబోర్డు మీద సగం తుడిచిన బాణాలున్నాయి. ఆర్డరు నుంచి సరుకుకి, సరుకు నుంచి బిల్లుకి, బిల్లు నుంచి చెల్లింపుకి. గదిలో మార్కర్ వాసన ఇంకా పోలేదు. వాన వెలిశాక చెట్టుకింద నిలబడినట్టు కాసేపు అక్కడే నిలబడింది.

"పోయినవాళ్ళ కోసం అలా చూస్తావేంటమ్మా, చుట్టాలా?" అన్నాడు వెనకనుంచి అకౌంట్స్ ఆఫీసరు.

"చుట్టాలైతే మళ్ళీ వస్తారు కదా సార్."

నీళ్ళ పంపులు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో అందరూ ఆమెను బిల్లులమ్మ అంటారు. బి.కామ్ పూర్తికాగానే చేరింది. సప్లయర్ల బిల్లులు సరిచూసి పేమెంటుకి పంపడం ఆమె పని. కొనుగోళ్ళు, స్టోరు, అకౌంట్సు వేరువేరు పుస్తకాల్లో నడిచే ఫ్యాక్టరీని ఒకే సిస్టంలోకి తెచ్చేందుకు వచ్చినవాళ్ళకు, అకౌంట్స్ తరఫున పని వివరించి, సిస్టంని పరీక్షించి చూసే బాధ్యత ఆమెకిచ్చారు. అప్పుడు పట్టుకుంది వాళ్ళలా కావాలన్న కోరిక. వాళ్ళ నాయకురాలు ఒక నడివయసు మేడమ్. కోడ్ రాయదు. ప్రశ్నలు వేస్తుంది, బాణాలు గీస్తుంది, సాయంత్రానికి ఆ బాణాలు స్క్రీన్ మీద కదులుతాయి. ఫంక్షనల్ కన్సల్టెంట్ అంటారట.

వాళ్ళు వెళ్ళేముందు టీ దగ్గర బిల్లులమ్మ అడిగేసింది. "మేడమ్, మీరు ఇంజనీరింగా?"

"నేనూ బి.కామే తల్లీ. నీలాగే బిల్లులు చూశాను."

"మరి ఇటెలా వచ్చారు?"

"డెబిట్ క్రెడిట్ తెలిసినవాళ్ళకి సిస్టంలో లెక్కల భాగం, ఫైనాన్స్ మాడ్యూల్, పుట్టిల్లు లాంటిది. అక్కడ మొదలుపెట్టు. కానీ అక్కడే కూర్చోకు. కొనుగోలు దగ్గర్నుంచి చెల్లింపు దాకా మొత్తం తెలియాలి. ప్రాక్టీసు సిస్టంలో ఒక కంపెనీని నువ్వే కట్టి చూడు. ఖాతాలు, పన్నులు, బిల్లు ఆపే నిబంధనలు, అన్నీ. సర్టిఫికెట్ తెచ్చుకో, ఇంటర్వ్యూకి పిలుస్తారు."

"ఉద్యోగం?"

"అది సర్టిఫికెట్ ఇవ్వదు" అని నవ్వి, కప్పు పెట్టేసి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచీ ఆఫీసు అయ్యాక ఆమె లాప్‌టాప్‌లోని మరో ఫ్యాక్టరీలో బతికింది. గోడలు లేని, గుమాస్తాలు లేని ఫ్యాక్టరీ. సరుకు అందినట్టు నమోదు చేస్తే స్టాకు డెబిట్ అవుతుంది, బిల్లు ఇంకా రాలేదు కాబట్టి క్రెడిట్ మధ్యలో ఒక తాత్కాలిక ఖాతాలో నిలుస్తుంది. బిల్లు వచ్చాక ఆ ఖాతా సున్నా అయి, బాకీ సప్లయరు పేరు మీదికి వెళుతుంది. కాలేజీలో బట్టీపట్టిన పద్దులు ఇప్పుడు నదిలో నీళ్ళలా ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి జారుతుంటే చూస్తూ ఉండిపోయేది.

"ఏమే, ఆ డబ్బాలో ఎవరైనా అబ్బాయి ఉన్నాడా?" అనేది అక్క, ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ. ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు.

"సప్లయర్ ఉన్నాడక్కా. వాడి బిల్లు ఆగింది."

"పాపం, ఇచ్చి పంపించెయ్. దీపం ఆర్పి పడుకుందాం."

సర్టిఫికెట్ వచ్చింది. మేడమ్ అన్నట్టే ఒక కంపెనీ పిలిచింది. ఇంటర్వ్యూ చేసినాయన పాఠం ఏమీ అడగలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "నేను కస్టమర్ని. మా సప్లయర్ బిల్లులన్నీ మీ సిస్టం ఆపేస్తోంది. గొడవగా ఉంది. ఏం చేస్తావ్?" అన్నాడు.

ఆమె ముఖం వెలిగింది. రోజూ చేసే పనే. ఆర్డరుకీ బిల్లుకీ మధ్య ఎంత తేడా వరకూ అనుమతించాలో ఆ హద్దు ఏ సెట్టింగులో ఉంటుందో, ఎలా పెంచాలో తడుముకోకుండా చెప్పింది.

"పెంచేస్తే బిల్లులు వెళ్ళిపోతాయి. బాగుంది. మరి తప్పు బిల్లు వస్తే?"

ఆమె చూపు బల్ల మీది తన సర్టిఫికెట్ మీదికి వెళ్ళింది.

"స్క్రీన్లు బాగా తెలుసమ్మా నీకు. నా ఫ్యాక్టరీ గురించి మాత్రం ఒక్క ముక్కా అడగలేదు."

ఆ ఉద్యోగం రాలేదు. బస్సు కిటికీలోంచి కనిపించిన ప్రతి ఆఫీసు అద్దమూ తనని రానివ్వని తలుపులా అనిపించింది.

మర్నాడు ఆమె స్క్రీన్ మీద పోతపోసిన పంపు బాడీల సప్లయర్ బిల్లులు ఎప్పట్లాగే ఆగి ఉన్నాయి. ఎప్పట్లాగే ఆఫీసరు చేత ప్రత్యేక అనుమతి పెట్టించి పంపెయ్యొచ్చు. చెయ్యి మౌస్ మీదకి వెళ్ళి ఆగింది. సిస్టం రాకముందు నుంచీ ఈ బిల్లులు చూస్తోంది. వీటిని ఇక్కడికి పంపే స్టోరుకి ఏనాడూ వెళ్ళలేదు. మేడమ్‌లా ప్రశ్నలు వేసే మనిషి కావాలని కలలు కంటూనే, పక్క షెడ్డు దాకా నడవలేదు.

స్టోర్‌కీపర్ బాబాయ్ ఆమెను చూసి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "దారి తప్పావా బిల్లులమ్మా?"

"లేదు బాబాయ్. పంపు బాడీలు వస్తే మీరేం చేస్తారో చూద్దామని."

"ఏం చేస్తాం, లెక్కపెడతాం. లెక్కపెట్టి సిస్టంలో కొడతాం."

"బిల్లు కేజీల్లో ఉంటుంది కదా?"

"బరువు గేటు దగ్గర తూస్తారు. ఆ చీటీ గేటువాడి దగ్గరే ఉంటుంది. నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ ఇవ్వలేదు."

"ఎందుకు లెక్కపెడతారు మరి? బరువే కొట్టొచ్చుగా."

"బరువుతో పంపు బిగిస్తారా తల్లీ? బిగింపు షాపుకి నేను లెక్కపెట్టి ఇవ్వాల్సింది ముక్కలు, ఇన్ని బాడీలని."

బిల్లు కేజీల్లో, నమోదు ముక్కల్లో, అందుకే ప్రతిసారీ సరిపోలక ఆగుతోంది. ఇద్దరిదీ తప్పు లేదు. స్టోరుకి ముక్కలు కావాలి, సప్లయరుకి కేజీలు కావాలి. ఆర్డరు వేసేటప్పుడు సంఖ్య ముక్కల్లో, ధర కేజీకి ఇంతని విడిగా ఇవ్వొచ్చు. సరుకు అందినప్పుడు ముక్కలతో పాటు గేటు బరువు కూడా నమోదు చేస్తే, బిల్లు ఆ బరువుతో సరిపోలుతుంది. సిస్టంలో ఆ వెసులుబాటు మొదట్నుంచీ ఉంది. ప్రాజెక్టు మీటింగుల్లో ఎలా కొంటారని అడిగినప్పుడు, "నంబర్లలో" అని చెప్పి ఊరుకున్నది ఆమే.

ఆఫీసరుని, కొనుగోలు విభాగాన్ని ఒప్పించి ముందు పరీక్ష సిస్టంలో చేసి చూపింది. తర్వాత అసలు సిస్టంలోకి మార్చారు. ఆ సప్లయరు బిల్లు మొదటిసారి ఎవరి సంతకమూ అడగకుండా వెళ్ళిపోయింది. ఆఫీసులో ఎవరూ గమనించలేదు. ఆమె మాత్రం స్క్రీన్ వైపు, పిట్ట ఎగిరిపోయిన కొమ్మను చూసినట్టు చూసింది.

తర్వాతి ఇంటర్వ్యూ ఇంకో కంపెనీలో. అక్కడి మేనేజరు కూడా కస్టమర్ వేషం కట్టాడు. నెలాఖరు లెక్కలు ఎప్పుడూ ఆలస్యమవుతున్నాయని, సిస్టం మార్చేయమని గదమాయించాడు.

"నెలాఖరున ఆఖరుగా వచ్చే కాగితం ఏది సార్?" అంది ఆమె.

"రవాణా బిల్లు."

"అది ఎవరి దగ్గర ఆగుతుంది? అది రాకముందే ఖర్చు అంచనా వేసి పద్దు రాయడం మీకు కుదురుతుందా? దానికి ఎవరి ఒప్పుదల కావాలి?"

అతను జవాబు చెబుతూ చెబుతూ ముందుకు వంగాడు. ఎప్పుడు వేషం మరిచిపోయాడో గాని, తన పాత ప్రాజెక్టులో ఇదే గొడవ ఎలా పడ్డాడో చెప్పుకుపోతున్నాడు. చివర్లో, "మొదట్లో పెద్ద పనేం ఉండదు. సిస్టంని పరీక్షించి చూడాలి, మీటింగుల నోట్సు రాయాలి. జీతం ఇప్పటిదానికంటే పెద్ద తేడా ఏం ఉండదు. పరవాలేదా?" అన్నాడు.

"పరవాలేదు సార్."

బయట మెట్ల మీద కూర్చుని అక్కకి ఫోన్ చేసింది.

"వచ్చిందక్కా."

"మరి ఆ గొంతేంటే? ఏడుస్తున్నావా?"

"లేదు. ఊరికే."

"ఏ ఊళ్ళో పని?"

"ప్రాజెక్టు ఎక్కడుంటే అక్కడ."

అవతల ఆస్పత్రి వార్డులో ఎవరో అక్కని పిలుస్తున్నారు. అక్క ఫోన్ వదల్లేదు. "అయితే ఎప్పుడొస్తావ్?"

"ఆ ఫ్యాక్టరీవాళ్ళకి మాతో పని లేకుండా పోయాక."

"అదేం ఉద్యోగమే. మనతో పని లేకుండా చేసుకోవడానికి జీతమిస్తారా" అంది అక్క. నవ్వబోయి, మధ్యలో ఆగిపోయింది.

ఇన్నాళ్ళూ కోరుకున్నది చేతికందిన ఆ నిమిషంలోనే, చెప్పులు విడుస్తూ ఎకసెక్కాలాడే మనిషి గొంతు చెవి దగ్గర ఉండగానే దూరమైపోయినట్టనిపించింది. ఫోన్ పెట్టెయ్యడానికి ఇద్దరిలో ఎవరికీ మనసు రాలేదు.