శుక్రవారం సారె

కరీంనగర్‌లో మా సకినాల దుకాణానికి ఫోన్ చేస్తే ఎత్తేది మా అక్క. పిండి కలిపించేదీ, మనుషుల మీద అరిచేదీ నేను. ఆర్డర్లన్నీ అక్క నోటిలెక్కే. ఆడపిల్లకు సారె పెట్టేవాళ్లెవరైనా శుక్రవారానికి సకినాలు కావాలన్నారో, "ఏందమ్మా, శుక్కురారం పూట ఆడివిల్లను తోలుతరా? ఇంట్ల పెద్దోళ్లనడిగి మళ్ల చెయ్యి" అని పెట్టేసేది. వాళ్లు నాలుక్కరుచుకుని, తేదీ సరిచూసుకుని మళ్లీ చేసేవాళ్లు.

అలాంటి అక్క కిందటి చలికాలం ఒక సారెను శుక్రవారానికే ఒప్పుకుంది. మారు మాట అడగలేదు. వాళ్లు తేదీ ఒకరోజు తప్పు చెప్పారు, పిల్ల గురువారమే అత్తారింటికి ఉత్త చేతులతో వెళ్లింది. ఆ తల్లి మా గడప ముందు నిలబడి తిట్టిపోసింది. నేను ఆ మంటంతా అక్క మీద చూపించాను. అక్క నా మొహంలోకి చూసి, "గా ఫోన్ నేనెప్పుడెత్తిన?" అంది. అబద్ధమాడే మొహం కాదది. నా కోపం అక్కడికక్కడే చచ్చిపోయింది. పరీక్షలు చేయించాక డాక్టరు అసలు సంగతి చెప్పాడు: మతిమరుపు జబ్బు, ఇక పెరగడమే గానీ తగ్గడం ఉండదు.

ఆర్డర్లు తీసుకునే సిస్టం ఒకటి చేయించాలని, ఇంట్లోనే కూర్చుని ఇలాంటి పనులు చేసే ఒక నిర్మల్ అమ్మాయిని పట్టుకున్నాను. రెండు రోజులకు వాట్సాప్‌లో పొడుగాటి మెసేజ్ పంపింది. ఫోన్లోనే తెరుచుకునే ఆర్డర్ పేజీ, సరుకులూ ధరలూ, రోజుకు ఎంత చేయగలమో ఆ హద్దు, ఏ రోజు ఎవరికి పంపాలో చూపే పట్టీ, ఇవన్నీ పనిలో భాగం. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకోవడం, విడిగా యాప్ చేయడం ఇందులో లేవు. మొత్తం నలభై ఐదు వేలు: మొదట కొంత, నడిపి చూశాక కొంత, అప్పగించాక మిగతాది. సర్వర్ ఖర్చు ఏటా వేరే. మధ్యలో కొత్త కోరికలు కోరితే వాటికి వేరే లెక్క. అడ్వాన్సు అందిన రోజు నుంచి ఏడు వారాలు.

అంతా సబబుగానే ఉంది. కానీ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. "ఐదో వారం: ఆర్డర్లు తీసుకునే పెద్దక్కతో కూర్చుని ఆమె పద్ధతులు తెలుసుకుని చేర్చడం."

వెంటనే ఫోన్ చేశాను. "ఐదో వారం అంటే ఎట్ల చెల్లె? గప్పటికి ఆమెకు ఏం యాదుంటదో ఏమో! ముందు గదే చెయ్యి. పేజీల అందం తర్వాత సూసుకుందాం."

"గా సంగతి ముందే చెప్పకపోతివి అక్కా. నేనే వస్త" అంది ఆ అమ్మాయి. సాయంత్రానికి మెసేజ్ మారి వచ్చింది. పెద్దక్క పని మొదటి వారానికి వచ్చింది. ప్రయాణం, అదనపు రోజులు కలిసి ఖర్చు యాభై రెండు వేలైంది. బేరమాడటంలో నన్ను మించిన గయ్యాళి మా వీధిలో లేదు. ఆ రోజు మాత్రం నోరెత్తలేదు.

ఆ అమ్మాయి బస్సులో వచ్చి అక్క ముందు ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. "ఏందే, నా నౌకరి పీకుతున్నరా?" అంది అక్క నాతో. నవ్వుతూనే అంది, కళ్లు మాత్రం నవ్వలేదు. అయినా చెప్పింది. కొన్ని పొద్దులు ధారగా చెప్పేది, కొన్ని పొద్దులు గోడ చూస్తూ కూర్చునేది. భైంసా ఊరికి పంపే సరుకు ఏ బండికి, ఎవరి చేతికి ఇస్తామో అడిగితే, "గదా... గదీ..." అని ఆగిపోయి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఏడ్చేసింది. "పరేషాన్ కాకు పెద్దక్కా, గది ఇడిసిపెడ్దాం" అంది ఆ అమ్మాయి. తర్వాత పంపిన మెసేజ్‌లో ఆ ముక్క ఎదురుగా "వివరాలు అందలేదు" అని ఉంది. అది అలాగే మిగిలిపోయింది. భైంసా గిరాకీ కూడా పోయింది.

చెప్పిన గడువుకే పని పూర్తయింది. నడిపి చూసే రోజు ఫోన్ అక్క చేతికే ఇచ్చాను. సారె అన్నచోట నొక్కింది. తేదీల్లో ఎటో వేలు పెడితే అది శుక్రవారం మీద పడింది. తెర మీద అక్షరాలు వచ్చాయి: "శుక్రవారం పూట ఆడపిల్లను పంపుతారా? ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తేదీ మళ్లీ పెట్టండి."

అక్క కూడబలుక్కుని చదివి, తొడ మీద చరిచి నవ్వింది. "అగో, సూసినవా! ఎంత మంచిగడిగింది! ఎవలు నేర్పిన్రే దీనికి?"

"నువ్వే అక్కా."

"నేనా? పో! నాకేం ఎరుక గివన్ని?" ఇంకోసారి శుక్రవారం మీద నొక్కింది, అవే అక్షరాలు మళ్లీ చదువుకుంది. "గిట్లడిగే పెద్దమనిషి మనింట్ల ఒక్కలన్న ఉంటే, గా పిల్ల ఉత్త చేతులతోని పోకపోతుండె."

నేను పిండి గదిలోకి వెళ్లి, పని సరిగ్గానే చేసుకుంటున్న వాళ్ల మీద గట్టిగా అరిచాను.