ఎవరూ చదవని తిరుగు అనువాదం

నా పనేమిటో చెబితే మా చుట్టాలు నవ్వుతారు. ఎవరో ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చిన కాగితాన్ని నేను మళ్ళీ ఇంగ్లీషులోకి మారుస్తాను. అసలు ఇంగ్లీషు నాకు చూపించరు. చూస్తే, తెలుగులో తప్పున్నా తెలియకుండానే సర్దేసి రాస్తాం. తెలుగులో ఏముంటే అదే రాయాలి. తర్వాత ఇంకెవరో నా ఇంగ్లీషునూ అసలు ఇంగ్లీషునూ పక్కపక్కన పెట్టుకుని, తేడా ఉంటే తప్పు ఎక్కడ జరిగిందో తేల్చాలి. ఆ తేల్చే మనిషి లేకపోతే నేను చేసేదంతా దండగ.

నిరుడు హైటెక్ సిటీలోని ఒక అనువాద కంపెనీ నాకు సెక్యూరిటీ గార్డుల ప్రమాద బీమా పత్రం పంపింది. ముందు ఛైర్మన్‌గారి పలకరింపు, తర్వాత బీమా సంస్థ గొప్పలు, ఎక్కడో మధ్యలో ఏ ప్రమాదానికి ఖర్చులిస్తారో, దేనికివ్వరో చెప్పే పేజీలు. నాకు ఒళ్ళు మండి, పని పంపిన కుర్రాడికి ఫోన్ చేశాను.

"ఛైర్మన్‌గారి నమస్కారాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి తేవడం ఎందుకండీ? అందులో మాట అటూ ఇటూ అయినా ఎవరి కొంపా మునగదు. తెలుగొచ్చినవాళ్ళు ఒకసారి చదివితే చాలు. ఏది వర్తిస్తుంది, ఏది వర్తించదు, గడువెంత, ఆ పేజీలకు పెట్టండి ఖర్చు. మిగిలిన డబ్బుతో రెండు ఇంగ్లీషులూ పోల్చడానికి ఒక మనిషిని కూర్చోబెట్టండి."

"క్లయింట్‌కి అంటే బీమా సంస్థకి, మొత్తం కావాలంట మేడమ్. ఫైల్‌లో పెట్టుకోవడానికి."

మీ డబ్బు, మీ ఇష్టం అనుకుని మొదలుపెట్టాను. డ్యూటీలో, పనిచేసే చోట జరిగిన ప్రమాదాలకే బీమా అని ఒక పేరా చెబుతోంది. దాని కిందే, ఖర్చులిచ్చే జాబితాలో, డ్యూటీకి వెళ్ళేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ దారిలో జరిగే ప్రమాదాలున్నాయి. ఉన్నదున్నట్టు రాసి, పక్కన గమనిక పెట్టాను: ఇది పై పేరాతో పొసగడం లేదు, అసలు పత్రంలో వర్తించనివాటి కింద ఉందేమో చూడండి. నా డబ్బులు పడ్డాయి. గమనికకు జవాబు మాత్రం రాలేదు.

ఈ వానాకాలం మా గోపన్‌పల్లి అపార్ట్‌మెంట్లో హౌస్‌కీపింగ్ చేసే ఆవిడ ఒక కాగితం పట్టుకుని మా తలుపు కొట్టింది. పాలమూరు వైపు మనిషి. భర్త నానక్‌రామ్‌గూడలో ఒక టవర్ దగ్గర సెక్యూరిటీ గార్డు. డ్యూటీ దిగి ఇంటికొస్తుంటే షేర్ ఆటో బోల్తాపడి అతని కాలు నుజ్జయిందని అంతకుముందే విన్నాను. సర్కారు దవాఖానకు పొమ్మని అందరూ అన్నారట. ఆవిడ, భర్తకు పనిలో ఇచ్చిన ఆ బీమా కాగితాన్ని నమ్మి ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించింది. ఒక ఆపరేషన్ అయింది. త్వరలో రెండోది చెయ్యకపోతే కాలు దక్కదన్నారు. అంతలో దారిలో జరిగినదానికి బీమా లేదని సంస్థ నుంచి కబురొచ్చింది.

"నీకు ఇంగ్లీషొస్తది గద మేడమ్. తెలుగుల ఒకటి, ఇంగ్లీషుల ఇంకొకటి ఉన్నదంటున్నరు. గిట్లెట్లుంటది?"

కాగితం విప్పగానే ఛైర్మన్‌గారి పలకరింపు. నిరుడు నా దగ్గరికొచ్చిన పత్రమే. లోపల ఆ జాబితా అలాగే ఉంది, ఒక్క అక్షరం మారలేదు. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో, తేడా వస్తే ఇంగ్లీషు ప్రతే చెల్లుతుందని.

ఆవిడ ముందే కుర్రాడికి ఫోన్ కలిపాను. "నా గమనిక ఎవరు చదివారండీ?"

"పోల్చి చూడడం మా ఆర్డర్‌లో లేదు మేడమ్. అది క్లయింట్ చూసుకోవాలి."

"చూసుకున్నారా మరి?"

"తిరుగు అనువాదం చేయించినట్టు సర్టిఫికెట్ అడిగారు, ఇచ్చేశాం."

ఛీ, ఏం బతుకు! తప్పు పట్టుకోవడానికి డబ్బులిచ్చారు, నేను పట్టుకున్నాను, అది ఫైల్లో పడుకుంది. అసలు చేయించకపోయినా ఆవిడకు ఇంతకంటే ఏం అన్యాయం జరిగేది? ఫోన్ విసిరికొట్టాలనిపించింది. విసరలేదు.

"వాళ్ళిచ్చిన తెలుగు కాగితం నమ్మే నువ్వు చేర్పించావు. అడిగే హక్కు నీకుంది. ఫిర్యాదు నేను రాసిస్తాను, నా గమనిక కూడా జతచేస్తాను," అన్నాను.

"ఎన్ని దినాలైతది?"

"నెలలు పట్టొచ్చమ్మా."

"అంటే నువ్వు ముందుగాల్నే చూసినవా మేడమ్, ఇది తప్పని?"

"చూశాను. రాసి పంపాను."

ఆవిడ నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కాగితం మడిచి చంకన పెట్టుకుంది.

"రాయి మేడమ్, నీ పుణ్యముంటది," అంటూ లేచింది. "నేనైతే పోత. ఆటో మాట్లాడిన, ఆయన్ని ఇంటికి తీస్కపోవాలె."

"రెండో ఆపరేషన్?"

"పైసలు కట్టకుంటె చెయ్యరంట. ఆపరేషన్ లేదని ఆయనకు ఇంకా చెప్పలె. ఇంటికి పోతున్నమని సంబురపడుతున్నడు."