లెవెలమ్మ పరీక్షకి మొగుడి తల

ఆవిడ అసలు పేరు సెలూన్‌లో ఎవరికీ గుర్తు లేదు. అందరికీ లెవెలమ్మే. జుట్టు ఎంత నలుపు, ఎంత లేత అన్నదానికి ఒకటి నుంచి పది దాకా లెవెళ్లుంటాయి. ఒకటి కారునలుపు, పది దాదాపు వెన్నరంగు. రంగు పని నేర్చినవాళ్లందరికీ ఇది తెలుసు. తెలిసినవాళ్లు తెలిసినట్టు సెలూన్‌లో వదిలేసి ఇంటికి పోతారు. ఈవిడ మాత్రం ఇంటిదాకా మోసుకొచ్చేసింది. టీ కప్పులో తొంగి చూసి "ఇది ఐదు, నాకు ఏడు కావాలి, ఇంకాసిని పాలు పొయ్యండి" అనేది. పక్కింటి పిల్లి ఈనితే వెళ్లి చూసి, "మూడు పిల్లలు రెండో లెవెలు, ఒకటి ఏడు, తండ్రులు ఇద్దరు" అని తేల్చి చెప్పి, ఆ ఇంటావిడతో ఆరు నెలలు మాటల్లేకుండా చేసుకుంది. పిల్లిని అంటే ఆవిడకెందుకు రోషం, అది వేరే సంగతి.

ఇంత పిచ్చి పట్టడానికి కారణం లోరంగుల చార్టు. బ్లీచు పెట్టి జుట్టులో నలుపు తీస్తూ పోతే, కింద దాక్కున్న వెచ్చని రంగు ఒక్కో మెట్టు దగ్గర ఒక్కోలా బయటపడుతుంది. మూడు దాకా ముదురెరుపు. నాలుగులో ఎరుపు, ఐదులో ఎరుపూ నారింజా కలిసి, ఆరులో అచ్చంగా నారింజ. ఏడులో బంగారం కలుస్తుంది, ఎనిమిదికి పసుపు, తొమ్మిదికి లేత పసుపు, పదికి వచ్చేసరికి అరటితొక్క లోపలి వైపు ఎలా ఉంటుందో అలా. ఇది ముందే తెలిస్తే దాని మీద ఏ రంగు వేసి అణచాలో తెలుస్తుంది. తెలియనివాళ్లు గోధుమరంగు కావాలన్న మనిషిని గుమ్మడిపండులా చేసి పంపిస్తారు. లెవెలమ్మ తల చూసి, జుట్టు వేళ్ల మధ్య ఒకసారి జార్చి, "ఆరుకి ఆగుతుంది, నారింజ" అంటే నారింజే. తప్పిన రోజు లేదు.

అందుకే ట్రైనరు పరీక్షకి కూర్చుంది. నలభై ఎనిమిదేళ్లు వచ్చాయి, మణికట్లు రెండూ సాయంత్రానికి చెప్పిన మాట వినడం లేదు. ట్రైనరైతే నిలబడి చెప్పడమే, చేసేది నేర్చుకునేవాళ్లు. పరీక్ష రెండేళ్లకోసారి. ఈసారి పోతే, ఇంకో రెండేళ్లు ఆ చేతులతో తలలు కడగాలి. ఆ చేతులు అన్నాళ్లు ఉంటాయన్న నమ్మకం ఆవిడకి లేదు.

పరీక్ష పద్ధతి మహా కఠినం. ఎవరి మోడల్‌ని వాళ్లే తెచ్చుకోవాలి. బ్లీచు మందు ముట్టుకోకముందే ఒక కాగితం నింపాలి: ఇప్పుడు ఏ లెవెలు, ఇంతకుముందు రంగు వేశారా, ఎంత దాకా లేపుతారు, అప్పుడు ఏ లోరంగు కనిపిస్తుంది. కవర్లో పెట్టి అంటించి బల్ల మీద పెట్టాలి. తర్వాత లేపాలి, అంటే బ్లీచుతో రంగు లేత చెయ్యాలి. వాళ్ల భాషలో లిఫ్టు. రాసింది ఒకటి, వచ్చింది ఒకటి అయితే ఇంటికి దయచేయడమే.

ఆ రోజు పొద్దున్న మోడల్ పిల్ల పన్నునొప్పితో చెంప వాచి మంచం దిగలేదు. ఫోన్‌లో ఏడుస్తోంది, ఏమంటాం దాన్ని. లెవెలమ్మ పరీక్ష హాలు గుమ్మంలో కూలబడింది. పక్కనే పెట్టె మోసుకొచ్చిన మొగుడు నిలబడి ఉన్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, అందుకని లిఫ్టాయన అంటారు.

"దీనికింత దిగులెందుకే? నా తల లేదూ?" అన్నాడు.

"మీరొద్దండీ" అంది లెవెలమ్మ.

"ఏం, పనికిరాదా? అసలు సిసలు సహజమైన నలుపు. లిఫ్టు అంటే నాకు భయమా, రోజూ చేసేదే."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లిఫ్టాయనకి యాభై ఆరేళ్లు. జుట్టు వెనక్కి దువ్వి మెడ దాకా పెంచుతాడు. మా వంశంలో తెల్లవెంట్రుక అన్న మాటే లేదని పెళ్లిళ్లలో, పరామర్శల్లో, ఆఖరికి ఆగిపోయిన లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకి కూడా చెబుతాడు. రుజువు కింద జేబులోంచి తాత ఫోటో తీస్తాడు. అది నలుపు తెలుపు ఫోటో. అందులో తాత పళ్లు కూడా నల్లగానే ఉంటాయి.

ఆయన ప్రతి నెలా ఒక ఆదివారం, పెళ్లాం సెలూన్‌కి వెళ్లాక, స్నానాలగదిలో తలుపు గడియ పెట్టుకుని తలకి నల్లరంగు పులుముకుంటాడు. ఇది లెవెలమ్మకి తెలుసు. చెవి వెనక నల్లమరక చూసిన రోజు నుంచీ తెలుసు. జుట్టు చదివి బతికే మనిషికి మొగుడి తల తెలియదా? అయినా నోరెత్తలేదు. దిండు గలీబులన్నీ ముదురు రంగువి కొంది. తువ్వాళ్లు నల్లవి కొంది. ఎవరైనా అడిగితే మురికి కనపడదని చెప్పింది. మనిషి అంత సంతోషంగా అబద్ధమాడుతుంటే ఎలా చెడగొట్టడం?

"ఇంకెవరైనా దొరుకుతారేమో చూద్దాం" అందావిడ.

"పది నిమిషాల్లో ఎవరు దొరుకుతారే, పద" అని ఆయన హాల్లోకి నడిచి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోవడమేమిటి, పట్టాభిషేకానికి కూర్చున్నట్టు కూర్చున్నాడు.

పరీక్ష పెట్టేది ముగ్గురు. పెద్దాయనది నున్నటి బట్టతల. జుట్టు గురించి అంత తెలిసిన మనిషికి ఒక్క వెంట్రుకా లేకపోవడం ఏం న్యాయమో! ఆయన వంగి లిఫ్టాయన తల చూశాడు. తలంతా ఒక్కటే నలుపు, కాస్త కూడా మెరుపు లేని నలుపు.

"ఇంతకుముందు రంగు వేశారా?"

"ఛ! మా వంశంలోనే లేదండీ" అంటూ లిఫ్టాయన జేబులో చెయ్యి పెట్టాడు.

"ఫోటో వద్దులెండి" అంది లెవెలమ్మ కంగారుగా.

కాగితం మీద 'వేయలేదు' అని ఆయన ఠీవిగా సంతకం చేసి పెళ్లానికి ఇచ్చాడు. మిగతాది ఆవిడ నింపాలి.

లెవెలమ్మ కాగితం ముందు కూర్చుంది. మొగుడి మాట ప్రకారమైతే చిటికెలో పని. రెండో లెవెలు, ఆరు దాకా లేపితే మొదలు నుంచి చివర దాకా నారింజ. చార్టు చెప్పేది అదే. కానీ చార్టు చెప్పేది పుట్టుకతో వచ్చిన రంగు గురించి. పూసిన రంగు దాని మాట వినదు. నెలనెలా పులిమితే చివర్లలో పొరమీద పొర పేరుకుపోయి, బ్లీచు ఎంత గీరినా ఎరుపు దగ్గరే మొండికేస్తుంది. నారింజ అని రాస్తే పరీక్ష పోతుంది. ఉన్నదున్నట్టు రాస్తే మొగుడి పరువు పోతుంది. ఆ మనిషికి ఉన్న ఆస్తంతా ఆ పరువే. అద్దంలోంచి ఆయన ఆవిడకి బొటనవేలు ఎత్తి చూపించి నవ్వాడు. ఆవిడకి ఏడుపొచ్చింది. ఐదు నిమిషాలు కలం కొరికి, చివరికి గబగబా రాసి, మళ్లీ చదవకుండా కవరు అంటించేసింది.

తల వెనక నుంచి రెండు వేళ్ల వెడల్పు పాయ తీసి, మందు పట్టించి, పల్చటి అల్యూమినియం రేకులో మడిచింది. పది నిమిషాలకోసారి విప్పి చూడటం, ముయ్యడం. ఈలోగా లిఫ్టాయన నెత్తిన రేకుతో పక్క కుర్చీలోని మోడల్‌కి వంశచరిత్ర ముత్తాత దగ్గర నుంచి ఎత్తుకున్నాడు. ఆ అమ్మాయి పాపం లేచి పోలేదు, దాని తల నిండా రేకులే.

నలభై నిమిషాలకి కడిగి, ఆరబెట్టి, పాయని తెల్లకాగితం మీద పరిచింది. ముగ్గురు పరీక్షకులూ వంగారు. హాలంతా వంగింది. నెత్తికి దగ్గర నారింజ. మధ్యలో ఎరుపు. చివర్లు ఎండిన రక్తంలా ముదురెరుపు. ఒక్క పాయలో మూడు రంగులు.

లిఫ్టాయన చేతిలోని అద్దంలో చూసుకుని తెల్లబోయాడు. "ఇదేమిటే, నీ మందులో ఏదో తేడా ఉంది!"

"వేయలేదన్న తలకి ఇలా రాదే" అన్నాడు పెద్దాయన, మొహంలో ఏమీ కనపడనీయకుండా. కవరు చింపి పైకి చదివాడు. "కుదుళ్ల దగ్గర ఆరు, నారింజ. మధ్య నాలుగు, ఎరుపు. చివర మూడు దాటదు, ముదురెరుపు." ఆగి, ఇంకో వరుస చదివాడు. "చరిత్ర. మోడల్ చెప్పింది: వేయలేదు. జుట్టు చెప్పింది: పదకొండేళ్లుగా, నెలకోసారి, ఆదివారం పొద్దున."

లెవెలమ్మ తల దించుకుంది. తల తీసేసినట్టయింది, అదీ తన చేత్తోనే. మొగుడి వైపు చూసే ధైర్యం లేదు.

"కుదుళ్ల దగ్గర మాత్రం నారింజ ఎందుకొచ్చింది?" అని అడిగాడు పెద్దాయన.

"అక్కడ రంగు ఒక్కసారే పడిందండీ. పైగా నెత్తి వేడికి మందు చురుగ్గా పనిచేస్తుంది."

"అణచాలంటే?"

"నారింజ మీద నీలం, ఎరుపు మీద ఆకుపచ్చ. ఒక్క గిన్నెలో కుదరదు, విడివిడిగా కలపాలి."

"పదకొండు కాదు" అన్నాడు లిఫ్టాయన.

అందరూ అటు తిరిగారు.

"పదమూడు. తప్పు రాసింది." మనిషి మొహం ఎర్రబడింది, కానీ కుర్చీలోంచి లేవలేదు. "రాస్తే సరిగ్గా రాయాలి కదా!"

లెవెలమ్మ ఆలోచించింది. మొదటి రెండేళ్లూ తను తలలు కడిగే పనిలోనే ఉంది. చార్టు మొహం కూడా చూడలేదు. "అప్పటికి నాకు జుట్టు చదవడం రాదు" అంది. తర్వాత నెమ్మదిగా, "అప్పటికి మీకు నాలుగు తెల్లవెంట్రుకలు కూడా లేవే. ఎందుకు మొదలెట్టారండీ?"

ఆయన రేకుని వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాడు. "నువ్వు పనిలో చేరిన మొదటి రోజు. ఇంటికొచ్చి మంచం మీద పడ్డావు. ఈ రోజు పన్నెండు తెల్లతలలు కడిగాను, ఇంకొక్క తెల్లవెంట్రుక చూస్తే చచ్చిపోతాను అన్నావు. నా కణతల దగ్గర అప్పుడే నాలుగొచ్చాయి. ఇంటికొచ్చాక కూడా నీకు పని కనపడకూడదనుకున్నా. తర్వాత ఎలా ఆపాలో తెలీలేదు. ఆ తాత ఫోటో ఒకటి మధ్యలో వచ్చి పడింది."

ఆ మాట తనన్నట్టు లెవెలమ్మకి గుర్తే లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. అలసిపోయి అన్న ఒక్క మాటకి ఆ పిచ్చిమనిషి పదమూడేళ్లు గడియ పెట్టుకున్నాడు. ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. చేతితొడుగులతోనే కళ్లు తుడుచుకోబోతే పెద్దాయన "మందుంది, మందుంది" అని అరిచి ఆపాడు. అరిచి, కాగితం మీద 'ఉత్తీర్ణురాలు' అని రాసి సంతకం పెట్టాడు.

లిఫ్టాయన అద్దంలో తన మూడు రంగుల పాయని మళ్లీ చూసుకున్నాడు. "ఇక మానేస్తానే. మానేస్తే ఏం వస్తుంది?"

"తెలుపు."

"దాని కింద ఏ రంగుంటుంది? చార్టులో చూడు."

"చూడక్కర్లేదండీ" అంది లెవెలమ్మ, ఆయన మెడ మీది తువ్వాలు సర్దుతూ. "తెలుపు కింద ఏ రంగూ ఉండదు. పైకి ఏముందో లోపలా అదే."