టైటిల్లో కొత్త ఏడాది

మధురవాడలోని మా చిన్న వార్తల వెబ్‌సైట్ ఆఫీసుకు పండగలు చాలా ముందే వచ్చేస్తాయి. వినాయకుడి నిమజ్జనం కాకముందే దసరా పేజీ సిద్ధం కావాలి, కార్తీకంలోనే సంక్రాంతి ముగ్గులు. జనం వెతకడం మొదలుపెట్టాక రాస్తే పెద్ద సైట్లు పైన కూర్చుంటాయి, మేం ఎక్కడో అడుగున పడి ఉంటాం. అందుకే ఏటా కొత్త పేజీ తెరవం. పాత లింకుకు సెర్చ్‌లో వచ్చిన పలుకుబడి పోకుండా దాన్నే ఉంచి, టైటిలూ, దాని కింద కనిపించే రెండు ముక్కల వివరణా వారాల ముందే మారుస్తాం.

పండగలూ అడ్మిషన్లూ నావి. పరీక్షా ఫలితాలు ఎక్కువ రద్దీ తెస్తాయని మా ఎడిటర్ గారు తన దగ్గరే పెట్టుకున్నారు. ఆ ఏడు సంక్రాంతి వెళ్లగానే ఇంటర్ సప్లిమెంటరీ పేజీ టైటిల్లో కొత్త సంవత్సరం వేసేశారు. లోపల మాత్రం నిరుటి ఫీజు గడువే ఉంది, అదీ పక్కన సంవత్సరం లేకుండా.

"అది పాత తేదీ అండీ. తీసేసి, ఇంకా ప్రకటించలేదని రాద్దాం," అన్నాను.

"అలా రాస్తే ఎవరు నొక్కుతారమ్మా? ఫలితాలొచ్చాక మార్చేద్దాం లెండి," అన్నారాయన.

నాకు ఒళ్లు మండింది. అయినా ఆ పేజీ తెరిచే అనుమతి నాకు లేదు. ఫలితాలు వచ్చిన రోజు అందరూ మార్కుల పేజీ మీదే పడ్డారు. తప్పినవాళ్ల పేజీని ఎవరూ ముట్టుకోలేదు.

కొన్నాళ్లకు తగరపువలస నుంచి మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. ఫిజిక్స్ పోయిందని తెలుసు. గొంతు మాత్రం ఏడ్చి ఏడ్చి ఆరిపోయినట్టుంది.

"అత్తా, సప్లిమెంటరీ ఫీజు డేటు కూడా అయిపోనాది. ఏడాది పోయినట్టే. నాన్నకి ఏటి సెప్పాలో తెల్డం లేదు."

"ఎవరు చెప్పారే?"

"ఫోన్లో సూసాను. పైనే వచ్చింది, ఈ ఏడాదిదే."

అది మా పేజీయే. బోర్డు ప్రకటన తెరిచి చూశాను. గడువు ఉంది, కానీ మర్నాటితో ముగుస్తుంది. పొద్దున్నే కాలేజీకి వెళ్లి ఫీజు కట్టమన్నాను. వాళ్ల నాన్నతో నేనే మాట్లాడాను. ఎడిటర్ గారికి ఫోన్ చేసి, ఆ పేజీ సరిచేసేదాకా ఫోన్ పెట్టనివ్వలేదు. ఆ పేజీ చదివి ఇంకెంతమంది ఇంట్లో చెప్పుకోలేక కూర్చున్నారో ఆయనకూ తెలీదు, నాకూ తెలీదు.

మర్నాడు ఫీజు కట్టానని తను ఫోన్ చేసింది. నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటే కోపమూ వచ్చింది.

"డేటు అయిపోయిందో లేదో కాలేజీలో ఒక్క మాట అడగొచ్చు కదే?"

"మీ ఆఫీసు పేజీ కదత్తా. నువ్వు రాసుంటావనుకున్నాను," అంది.